పట్టికలో సున్నా గీత ఎక్కడుంది?

చిన్న పరిశ్రమ పెట్టాలనుకునే కుటుంబం బ్యాంకుకు వెళ్తే మొదట అడిగేది ప్రాజెక్ట్ రిపోర్ట్. దాన్ని ఎవరో ఆడిటరో, కన్సల్టెంటో తయారు చేసి ఇస్తారు. ముప్పై, నలభై పేజీలుంటుంది. చివర్లో ఎక్కడో ఒక అంకె మీద గీత గీసి ఉంటుంది: ఈ ప్రాజెక్టు నికర వర్తమాన విలువ ఇన్ని లక్షలు. ఆ అంకె ముందు మైనస్ గుర్తు లేకపోతే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అయితే ఆ ఒక్క అంకె వెనక కనీసం అరడజను ఊహలు ఉంటాయి. వాటిలో ఒక్కటి కాస్త అటూ ఇటూ అయితే అంకె ఏమవుతుందో చూపించే పేజీ చాలా రిపోర్టుల్లో ఉండదు. ఉన్నా దాన్ని చదివేవాళ్లు తక్కువ. ఆ పేజీ పేరు సెన్సిటివిటీ పట్టిక. అమ్మకాలు ఏటా ఎంత పెరుగుతాయన్నది ఒక పక్క, డిస్కౌంట్ రేటు ఎంతన్నది ఇంకో పక్క పెట్టి, ప్రతి జతకూ నికర వర్తమాన విలువ ఎంతో గడుల్లో నింపుతారు. దాన్ని ఎలా కట్టాలో, ఎలా చదవాలో ఒక లెక్క మొదలు నుంచి చివరి వరకు చేస్తూ చూద్దాం.

లెక్క కోసం అనంతపురం జిల్లాలో ఒక గానుగ నూనె యూనిట్‌ను ఊహిద్దాం. వానాధారంగా వేరుశనగ విస్తారంగా పండే ప్రాంతం కాబట్టి ముడిసరుకు చేతికి అందే దూరంలోనే ఉంటుంది. సొంత స్థలంలో షెడ్డు, మోటారుతో తిరిగే చెక్క గానుగలు, వడపోత, ప్యాకింగ్ సామాన్లకు 44 లక్షలు. గోదాములో ఉంచాల్సిన వేరుశనగకు, దుకాణాలకు ఇవ్వాల్సిన అరువుకు కలిపి 6 లక్షలు. మొత్తం 50 లక్షలు ఈరోజే పెట్టాలి. మొదటి ఏడాది నూనె, చెక్క కలిపి 60 లక్షల అమ్మకం. ప్రతి వంద రూపాయల అమ్మకంలో 70 రూపాయలు వేరుశనగకు, సీసాలకు, రవాణాకు, దుకాణదారు కమీషన్‌కు పోతాయి, 30 మిగులుతాయి. అమ్మకంతో సంబంధం లేకుండా పెట్టాల్సిన ఖర్చు, అంటే పనివాళ్ల జీతాలు, రిపేర్లు, లైసెన్సు ఫీజులు వగైరా, మొదటి ఏడాది 6 లక్షలు. అది ఏటా 5 శాతం పెరుగుతుంది. ఐదేళ్ల తర్వాత గానుగలను పాత ధరకు అమ్మితే 4 లక్షలు, గోదాములోనూ అరువులోనూ ఉన్న 6 లక్షలు, మొత్తం 10 లక్షలు వెనక్కి వస్తాయి. పన్నును, సబ్సిడీని పక్కన పెడుతున్నాను. అవి ముఖ్యం కాదని కాదు, దారి స్పష్టంగా కనిపించాలని.

అమ్మకాలు ఏటా 10 శాతం పెరుగుతాయనుకుంటే చేతికి మిగిలే సొమ్ము మొదటి ఏడాది 12 లక్షలు, తర్వాత 13.5, 15.17, 17.01, అయిదో ఏడాది 19.06. దీనికి చివర్లో వెనక్కి వచ్చే 10 లక్షలు కలుస్తాయి. అన్నీ కూడితే దాదాపు 86.7 లక్షలు. పెట్టింది 50, వచ్చింది 86.7, కాబట్టి లాభం 36.7 అనడం చాలామంది చేసే లెక్క. కానీ అయిదేళ్ల తర్వాత చేతికొచ్చే లక్షా, ఈరోజు చేతిలో ఉన్న లక్షా ఒకటి కావు.

ఆ తేడాను కొలిచేదే డిస్కౌంట్ రేటు. ఈ యూనిట్‌కు అదెంత ఉండాలి? 50 లక్షల్లో 30 లక్షలు 10 శాతం వడ్డీకి బ్యాంకు అప్పు అనుకుందాం. మిగిలిన 20 లక్షలు ఇంటివాళ్లవి. ఆ డబ్బును ఇంత రిస్కులో పెడుతున్నందుకు ఏటా కనీసం 15 శాతం రావాలని వాళ్లు కోరుకుంటారు. ఈ రెంటినీ వాటి వాటాల ప్రకారం కలిపితే 12 శాతం వస్తుంది. అంటే వచ్చే ఏడాది అందే 100 రూపాయలకు ఈనాటి విలువ 100ను 1.12తో భాగిస్తే వచ్చే 89 రూపాయల 29 పైసలు. అయిదేళ్ల తర్వాత అందే 100కు ఈనాటి విలువ 56 రూపాయల 74 పైసలు. మన అయిదేళ్ల రాబడిని ఇలా ఈనాటి విలువకు తెస్తే వరసగా 10.71, 10.76, 10.79, 10.81, చివరి ఏడాది 16.49 లక్షలు. మొత్తం 59.57. పెట్టిన 50 తీసేస్తే 9.57 లక్షలు. ఇదే నికర వర్తమాన విలువ.

ఇక్కడ తరచూ జరిగే ఒక పొరపాటు ఉంది. ఏటా చేతికి మిగిలే సొమ్ములోంచి బ్యాంకు వడ్డీని కూడా ఖర్చుగా తీసేసి, ఆ తర్వాత మళ్లీ 12 శాతంతో డిస్కౌంట్ చేస్తుంటారు. ఆ 12 శాతంలో బ్యాంకు వడ్డీ ముందే ఉంది. అలా చేస్తే వడ్డీని రెండుసార్లు కోసినట్టు అవుతుంది, మంచి ప్రాజెక్టు కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. రిపోర్టు చేతికి రాగానే మొదట చూడాల్సింది ఇదే.

9.57 లక్షలు అంటే బ్యాంకుకు దాని 10 శాతం, ఇంటివాళ్లకు వాళ్ల 15 శాతం ముట్టిన తర్వాత కూడా ఈనాటి విలువలో అంత మిగులుతుందని. బాగానే ఉంది. కానీ 10 శాతం వృద్ధి అన్నది ఎవరు చెప్పారు? 12 శాతం రేటు అయిదేళ్లూ అలాగే ఉంటుందా? ఈ రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు చెప్పేందుకే పట్టిక. కింద ఉన్నవన్నీ లక్షల్లో.

| అమ్మకాల వృద్ధి | రేటు 8% | 10% | 12% | 14% | 16% |
|---|---|---|---|---|---|
| 0% | 2.4 | −0.5 | −3.1 | −5.5 | −7.7 |
| 5% | 9.4 | 6.0 | 3.0 | 0.1 | −2.4 |
| 10% | 17.0 | 13.1 | 9.6 | 6.3 | 3.3 |
| 15% | 25.4 | 20.9 | 16.8 | 13.1 | 9.6 |
| 20% | 34.6 | 29.4 | 24.7 | 20.4 | 16.5 |

ఎవరి కళ్లయినా ముందు నడిమి గడి మీద పడతాయి, తర్వాత కింద ఎడమ మూలనున్న 34.6 మీదికి వెళ్తాయి. నేనైతే ఈ రెండింటినీ వదిలేసి ప్లస్ నుంచి మైనస్‌కు మారే చోటు ఎక్కడుందో వెతకమంటాను. పెన్సిల్ తీసుకుని ఆ సరిహద్దు వెంట గీత గీయండి. 10 శాతం రేటు దగ్గర, వృద్ధి అసలు లేని వరసకు కాస్త కిందుగా మొదలవుతుంది. 12 శాతం రేటు దగ్గర సుమారు 2.6 శాతం వృద్ధి మీదుగా, 14 శాతం దగ్గర దాదాపు 5 శాతం మీదుగా, 16 శాతం దగ్గర 7.2 శాతం మీదుగా వెళ్తుంది. ఇదే సున్నా గీత. ఇప్పుడు ప్రశ్న రూపం మారింది. "అమ్మకాలు ఏటా 10 శాతం పెరుగుతాయా?" అని ఎవరినైనా అడిగితే జవాబు జోస్యంలా ఉంటుంది. "కనీసం 2.6 శాతమైనా పెరుగుతాయా?" అని అడిగితే ఊళ్లోని కిరాణా వ్యాపారి కూడా తన అనుభవంతో సూటిగా జవాబు చెప్పగలడు.

మైనస్ గడి కనిపిస్తే చేతి నుంచి డబ్బు పోతుందని అనుకోవడం కూడా సరికాదు. వృద్ధి సున్నా, రేటు 12 శాతం ఉన్న గడి చూడండి: −3.1. కానీ ఆ పరిస్థితిలో కూడా అయిదేళ్లలో మొత్తం 66.85 లక్షలు వస్తాయి, పెట్టిన 50 కంటే దాదాపు 17 లక్షలు ఎక్కువ. మరి మైనస్ ఎందుకు? బ్యాంకుకు 10, మనకు 15 శాతం రావాలన్న షరతు అక్కడ నెరవేరలేదు. అప్పు తీరవచ్చు, కానీ ఇంటివాళ్ల సొమ్ముకు మాత్రం అనుకున్నంత రాదు. ప్రాజెక్టు వద్దని అక్కడే తేల్చేయాలా, ఆ 15 శాతం కోరికను కాస్త తగ్గించుకోవాలా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. పట్టిక ఆ మాటలకు ఆధారం ఇస్తుంది, నిర్ణయాన్ని తానే తీసుకోదు.

నడిమి గడి నుంచి పైకి ఒక మెట్టు వెళ్తే, అంటే వృద్ధి 10 నుంచి 5కు తగ్గితే, 6.6 లక్షలు పోతాయి. కుడికి ఒక మెట్టు వెళ్తే, అంటే రేటు 12 నుంచి 14కు పెరిగితే, 3.3 లక్షలే పోతాయి. కాబట్టి అమ్మకాల వృద్ధే పెద్ద ప్రమాదం అని చాలా రిపోర్టులు రాసేస్తాయి. కానీ ఇందులో ఒక చిక్కుంది. వృద్ధిని అయిదేసి, రేటును రెండేసి మెట్లుగా మనమే వేశాం. మెట్లు మారిస్తే ఏది ప్రమాదకరంగా కనిపిస్తుందో కూడా మారుతుంది. మెట్టు ఎంత ఉండాలన్నది పట్టిక అందం కోసం నిర్ణయించేది కాదు. ఆ అంకె నిజ జీవితంలో ఎంత కదలగలదో దాన్నిబట్టి వేయాలి.

వడ్డీ రేట్ల విషయంలో మనకు ఈ మధ్యనే ఒక కొలత దొరికింది. 2020 మే నుంచి 4 శాతం దగ్గరున్న రిజర్వ్ బ్యాంకు రెపో రేటు 2022 మేలో పెరగడం మొదలై, 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. ఏడాది కూడా తిరగకముందే రెండున్నర శాతం. కాబట్టి అటు రెండు మెట్లు, ఇటు రెండు మెట్లు పెట్టడం అతి జాగ్రత్త కాదు. అమ్మకాల అంచనా తప్పడానికి మాత్రం ఇలాంటి హద్దులుండవు. ఇంగ్లండ్‌ను ఫ్రాన్స్‌తో కలిపే చానల్ సొరంగం 1994లో ప్రారంభమైంది. 1985లో వేసిన అంచనా ప్రకారం మొదటి ఏడాది యూరోస్టార్ రైళ్లలో 1.59 కోట్ల మంది ప్రయాణించాలి. మొదటి పూర్తి సంవత్సరమైన 1995లో ఎక్కినవాళ్లు దాదాపు 29 లక్షలు. అంత పెద్ద సంస్థల అంచనాలే అయిదో వంతుకు పడిపోయినప్పుడు మన గానుగ నూనె పట్టికలో సున్నా శాతం వరస ఉండటం అపశకునమేమీ కాదు. నిజానికి −5 శాతం వరస కూడా ఉండాలి. చుట్టుపక్కల ఊళ్లో ఇంకో రెండు గానుగలు వెలిస్తే అమ్మకాలు తగ్గడం సహజం. తగ్గే వరస అసలే లేని పట్టిక అప్పు ఇప్పించడానికి తయారైందే గానీ అప్పు తీసుకునేవాళ్ల కోసం తయారైంది కాదు.

గడులన్నీ సమానంగా జరిగే అవకాశం ఉన్నవీ కావు. ధరలు బాగా పెరిగే కాలంలో వడ్డీలూ పెరుగుతాయి, నూనె ధర పెరగడం వల్ల అమ్మకాల విలువ కూడా పెరుగుతుంది. అప్పుడు మనం పట్టికలో కిందికీ కుడికీ కలిసి జరుగుతాం. అలా కాకుండా వడ్డీలు పెరిగి, జనం చేతిలో డబ్బు ఆడక, ఖరీదైన గానుగ నూనె మాని మామూలు ప్యాకెట్ నూనెకు మారితే పైకీ కుడికీ జరుగుతాం. −7.7 ఉన్న మూల అదే. ఇందులోంచే ఇంకో నియమం వస్తుంది. మన 12 శాతం రేటు బ్యాంకు వడ్డీ నుంచి పుట్టింది కాబట్టి ధరల పెరుగుదల అందులో కలిసే ఉంది. అయితే వృద్ధి అంకెలోనూ ధరల పెరుగుదల కలిసి ఉండాలి. లీటర్ల లెక్కన వృద్ధిని తీసుకుని, బ్యాంకు వడ్డీ లెక్కన డిస్కౌంట్ చేస్తే ప్రాజెక్టుకు అన్యాయం జరుగుతుంది.

ఇప్పుడు పట్టిక కింది రెండు వరసల దగ్గరికి వద్దాం. అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడే. ఏటా 20 శాతం వృద్ధి అంటే 60 లక్షల అమ్మకం అయిదో ఏడాదికి 124 లక్షలు అవుతుంది. మనం కొన్న గానుగలు అంత నూనె తీయగలవా? రోజుకు ఎన్ని గంటలు తిప్పినా ఇప్పటి ధరల్లో ఏడాదికి 90 లక్షల సరుకే వస్తుందనుకుందాం. 10 శాతం వృద్ధి వరసకు ఇబ్బంది లేదు, అయిదో ఏడాది 87.8 లక్షల దగ్గర ఆగుతుంది. 15, 20 శాతం వరసలు మాత్రం నాలుగో ఏడాదికే హద్దు దాటేస్తాయి. పట్టికకు ఆ సంగతి తెలియదు. కొత్త గానుగ కొనకుండానే, షెడ్డు పెంచకుండానే అమ్మకాలు పెరిగిపోయాయని అది నమ్ముతుంది.

అమ్మకం 90 లక్షలు దాటకూడదని షీట్‌లో ఒక షరతు పెట్టి మళ్లీ లెక్క కడితే, 12 శాతం రేటు దగ్గర 15 శాతం వృద్ధి గడి 16.8 నుంచి 14.0కు, 20 శాతం వృద్ధి గడి 24.7 నుంచి 16.3కు పడిపోతాయి. నూనె ధర పెరిగితే ఆ 90 లక్షల హద్దు కూడా కొంత పైకి జరుగుతుంది, కానీ విషయం మారదు. పైవరసల్లోని మైనస్‌లు మాత్రం ఒక్క పైసా కదలవు, ఎందుకంటే అక్కడ గానుగలు ఖాళీగానే ఉన్నాయి. అంటే షరతు లేని పట్టికలో మంచి జరిగితే వచ్చేది ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది, చెడు జరిగితే పోయేది ఉన్నంతే కనిపిస్తుంది. రెంటినీ తూచి చూసేవాడికి తక్కెడ ఒక పక్కకు ఒరిగే ఉంటుంది. వృద్ధి శాతాన్ని పెంచేటప్పుడల్లా ఆ వృద్ధికి కావాల్సిన యంత్రాలు, గోదాము, అరువు కూడా లెక్కలో పెరుగుతున్నాయో లేదో అడగాలి. పెరగకపోతే కింది వరసల అంకెలను పట్టించుకోవద్దు.

ఇంతవరకూ పట్టికలో ఉన్న రెండు అంకెల గురించే మాట్లాడుకున్నాం. పట్టికకు ఉన్నవి రెండే పక్కలు, కాబట్టి మూడోది దాగిపోతుంది. మన యూనిట్‌లో ఆ మూడోది వేరుశనగ ధర. వందకు 30 రూపాయలు మిగులుతాయని మొదట్లోనే అనుకుని వదిలేశాం. వానలు మొహం చాటేసిన ఏడాది కాయల ధర పెరిగి, నూనె ధరను ఆ మేరకు పెంచలేక, మిగిలేది 30 నుంచి 27కు తగ్గిందనుకుందాం. మూడు రూపాయలే. అయిదేళ్లూ అలాగే ఉంటే నడిమి గడి 9.6 నుంచి 1.8కు పడిపోతుంది. పోయింది 7.8 లక్షలు. వృద్ధి సగానికి సగం తగ్గి 5 శాతమైనప్పుడు పోయినదానికంటే ఇది ఎక్కువ. మిగిలేది 26 రూపాయలైతే నడిమి గడే మైనస్‌లోకి వెళ్తుంది. ముడిసరుకు ధర మీద బతికే ఏ యూనిట్‌కైనా, అది నూనె కావచ్చు, జీడిపప్పు కావచ్చు, కారంపొడి కావచ్చు, వృద్ధి పెట్టిన పక్కన మిగులు శాతాన్ని పెట్టి రెండో పట్టిక కట్టకపోతే అసలు ప్రమాదం కనిపించదనే నేను గట్టిగా చెబుతాను.

దాగిపోయేది ఇంకొకటి ఉంది, అది నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. 6 లక్షల ఖర్చులో పనివాళ్ల జీతాలున్నాయి గానీ ఇంటివాళ్ల జీతం లేదు. పొద్దున్నే గానుగ దగ్గర నిలబడేది భర్త, సీసాలు నింపేదీ లెక్కలు రాసేదీ భార్య. వాళ్లిద్దరి శ్రమకు కలిపి నెలకు 20 వేలు వేసుకున్నా ఏడాదికి 2.4 లక్షలు. 12 శాతం రేటుతో అయిదేళ్లకు దాని ఈనాటి విలువ 8.65 లక్షలు. నడిమి గడిలోని 9.57లోంచి అది తీసేస్తే మిగిలేది 92 వేల రూపాయలు. అంటే మనం ప్రాజెక్టు లాభమని మురిసిపోయినదాంట్లో చాలా భాగం ఆ ఇద్దరి కూలి. దాన్ని ఖర్చుగా వేస్తే పట్టికలోని ప్రతి గడీ కిందికి దిగుతుంది, సున్నా గీత నడిమి గడి పక్కకే వచ్చేస్తుంది. ఇంట్లో ఆడవాళ్ల పనికి ఖరీదు కట్టకుండా వేసిన ఏ ప్రాజెక్ట్ లెక్కనూ నేను పూర్తి లెక్కగా ఒప్పుకోను.

ఇక పట్టికను సొంతంగా కట్టుకోవాలనుకునేవారి కోసం. పాతికేసి లెక్కలు చేత్తో చేయక్కర్లేదు. ఎక్సెల్‌లో Data tab లోని What-If Analysis కింద Data Table అనేది ఈ పనికోసమే ఉంది. డిస్కౌంట్ రేటు B1లో, వృద్ధి B2లో ఉంచండి. అమ్మకాల వరస మొత్తం B2 మీదే ఆధారపడి నడవాలి. 12వ వరసలో B12లో −50, C12 నుంచి G12 వరకు అయిదేళ్ల మిగులు ఉందనుకుంటే, B14లో ఈ సూత్రం రాయాలి.

```
=NPV(B1,C12:G12)+B12
```

పట్టిక మూలగడి A16లో =B14 అని రాసి, దానికి కుడిగా B16 నుంచి F16 వరకు రేట్లు, కిందికి A17 నుంచి A21 వరకు వృద్ధి శాతాలు టైప్ చేయండి. A16 నుంచి F21 వరకు మొత్తం ఎంచుకుని Data Table తెరిస్తే రెండు ఖాళీలు కనిపిస్తాయి. Row input cell దగ్గర B1, Column input cell దగ్గర B2 ఇవ్వాలి. పట్టికా, ఈ రెండు గడులూ ఒకే షీట్‌లో ఉండాలి. పట్టిక శీర్షికల్లోని శాతాలను టైప్ చేయాలే గానీ, B1కో B2కో లింకు చేయకూడదు. లింకు చేస్తే లెక్క తనలో తాను తిరిగి తప్పు అంకెలిస్తుంది.

పై సూత్రంలో −50ను బయట ఎందుకు కూడామో గమనించండి. ఎక్సెల్‌లోని NPV మొదటి అంకె ఏడాది చివర వస్తుందని అనుకుంటుంది. −50ను కూడా లోపల పెట్టేస్తే ఈరోజు పెట్టిన డబ్బును వచ్చే ఏడాది పెట్టినట్టు లెక్కేసి, మొత్తాన్నీ ఒక ఏడాది వెనక్కి నెడుతుంది. మన 9.57 కాస్తా 8.55 అవుతుంది. ఈ తప్పును పట్టుకోవడం కష్టం, ఎందుకంటే మైనస్‌లు మైనస్‌లుగానే, ప్లస్‌లు ప్లస్‌లుగానే ఉంటాయి, పట్టిక చూడ్డానికి సబబుగానే ఉంటుంది. చివరి అంకెను ఒక్కసారైనా కాలిక్యులేటర్ మీద చేత్తో కట్టి చూడటమే దారి.

మిగిలిన తప్పులు కంటికి కనిపిస్తాయి. గడులన్నిటిలో ఒకే అంకె వస్తే షీట్ లెక్కించే పద్ధతిలో డేటా టేబుళ్లను మినహాయించారన్నమాట, F9 నొక్కితే సరవుతుంది. ఒక నిలువు వరసలో పైనుంచి కిందికి అంకెలు మారకపోతే అమ్మకాల వరసలో ఎవరో సూత్రం బదులు అంకె టైప్ చేశారని అర్థం. నడిమి గడి, B14లోని అంకె ఒకటి కాకపోతే రెండు ఖాళీల్లో ఇవ్వాల్సిన గడులు తారుమారయ్యాయి. వృద్ధి పెరిగేకొద్దీ విలువ తగ్గుతూ వస్తే ఎక్కడో గుర్తు తిరగబడింది.

పెద్ద ప్రాజెక్టుల రిపోర్టుల్లో, షేర్ల విలువ కట్టే నివేదికల్లో ఇంకో ఉచ్చు ఉంటుంది. మన లెక్క అయిదేళ్లకు ఆగిపోయింది. అక్కడ ఆగకుండా, అయిదో ఏడాది మిగులు అదే వృద్ధితో ఎప్పటికీ పెరుగుతూనే ఉంటుందని రాసేవాళ్లున్నారు. అప్పుడు అయిదో ఏడాది మిగులును దేనితో గుణించాలన్నది రేటుకూ వృద్ధికీ మధ్య ఉన్న తేడాను బట్టి తేలుతుంది. రేటు 12, వృద్ధి 5 అయితే 15 రెట్లు. వృద్ధి 8 అయితే 27 రెట్లు. వృద్ధి 10 అయితే 55 రెట్లు. మన గానుగకు 19.06 లక్షలను 55తో గుణిస్తే 10 కోట్ల 48 లక్షలు. 44 లక్షలతో కట్టిన షెడ్డుకు, గానుగలకు ఆ విలువ అసాధ్యం. వృద్ధి రేటును దాటితే, ఉదాహరణకు 15 శాతమైతే, సూత్రం మైనస్ విలువ ఇస్తుంది. ఇలాంటి పట్టికలో పక్క పక్క గడుల మధ్య అంకెలు రెట్టింపులుగా ఎగురుతుంటాయి. ఆ ఎగురుడు కనిపించగానే ఎప్పటికీ పెరిగే వృద్ధి లోపల దాక్కుని ఉందని గ్రహించవచ్చు. అయిదేళ్ల అమ్మకాల వృద్ధి వేరు, ఆ తర్వాతి కాలానికి వేసే వృద్ధి వేరు. రెండూ ఒకే అంకె మీద నడవకూడదు, రెండోది దేశ ఆర్థిక వ్యవస్థ పెరిగే వేగాన్ని మించకూడదు.

మళ్లీ మన యూనిట్‌కు వస్తే నా తీర్పు ఇది. ఇంటివాళ్ల జీతం కలపకుండా చూస్తే ఈ ప్రాజెక్టు వడ్డీ పెరుగుదలను తట్టుకుంటుంది, వృద్ధి సగానికి పడినా నిలబడుతుంది. వాళ్ల జీతం కలిపితే దాదాపు సున్నా మీద నిలబడి ఉంది, వేరుశనగ ధర ఒక్క రూపాయి తేడా వచ్చినా మైనస్‌లోకి జారుతుంది. ఈ పరిస్థితిలో గానుగల సంఖ్య తగ్గించి పెట్టుబడిని 40 లక్షలకు కుదించుకోవడమో, రైతులతో ముందుగానే ధర మాట్లాడుకోవడమో చేయకుండా 30 లక్షల అప్పు మీద సంతకం పెట్టడం తొందరపాటు.

మీ ఇంట్లో ఎవరైనా ప్రాజెక్ట్ రిపోర్టు చేయించుకుంటుంటే, తయారు చేసినవారి దగ్గర కాగితంతో పాటు ఎక్సెల్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. అందులో మీ జీతం వేసి, అమ్మకాలు తగ్గే వరస ఒకటి చేర్చి, పట్టికను మరోసారి కట్టించి, ఆ తర్వాతే బ్యాంకుకు వెళ్లండి.